తిరగబడని జీపు

కళ్యాణదుర్గం బస్టాండు ఎదుట ఎరువుల దుకాణం మేడ మీద హేమావతి ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపేది. పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో మెట్ల మీద దాకా జనం నిలబడేవాళ్లు. మిగతా ఏడాదంతా సెంటర్‌ను నిలబెట్టింది ఆటలే. అందులోనూ ఊరంతా తిరుగుతూ కనబడిన బండినల్లా ఎక్కి నడిపే కార్ల ఆట.

ఆ ఆట ఫోల్డరులో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఒక్కో బండికి ఒక్కో వరుస. ముందు బండి పేరు, దాని వెనక అంకెలు: బరువు ఎంత, ఆ బరువు ఏ ఎత్తున ఉంది, టైరుకు పట్టు ఎంత, గేర్లు ఎన్ని, గరిష్ఠ వేగం ఎంత, ఇలా ఇంకా ఎన్నో. హేమావతి 2007 వేసవిలో, కరెంటు ఉన్న మధ్యాహ్నాల్లో, ఒక్కో అంకె మారుస్తూ ఏది దేనిదో సొంతంగా తెలుసుకుంది. ఆటలోని ఒక జీపుకు తెల్ల రంగు వేసి, ముందు అద్దం మీద తన చిన్నమ్మ కొడుకు పేరు రాసింది. ఓబిలేష్.

ఓబిలేష్‌ది నిజంగానే తెల్ల జీపు. కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం రోడ్డు మీద పల్లెలకు జనాన్ని తిప్పుతాడు. ఇరవై మూడేళ్లు. ఆటలో తన పేరు చూసుకున్న రోజు ఎగిరి గంతేశాడు.

"ఐదు గేర్లు పెట్టక్కా," అన్నాడు.

నాలుగును ఐదు చేసింది. ఏ గేరు ఎంత వేగం దాకా లాగాలో రాసే చోటు ఆ ఫైల్లో లేదు. గేర్ల సంఖ్యనూ గరిష్ఠ వేగాన్నీ చూసి ఆటే పంచుకుంటుంది. వేగం అంకె కూడా పెంచింది. దాంతో జీపు మలుపుల్లో పల్టీలు కొట్టడం మొదలుపెట్టింది. ఆడేవాళ్లు విసుక్కున్నారు. అప్పుడు ఆమె బరువు ఎత్తు అంకెను మైనస్ సున్నా పాయింట్ రెండు నుంచి మైనస్ సున్నా పాయింట్ తొమ్మిదికి దించింది. అంటే బండి బరువంతా నేలకు అతుక్కున్నట్టు. పట్టును సున్నా పాయింట్ ఎనిమిది నుంచి ఒకటిన్నర చేసింది. ఇక ఆ జీపు తిరగబడమన్నా తిరగబడదు. ఆరు కంప్యూటర్లలోనూ ఆ ఫైలే పెట్టింది.

డిసెంబరులో ఒక సంత రోజు, మధ్యాహ్నం రెండు గంటలకు, ముత్యాలప్ప మెట్లెక్కి వచ్చాడు. అదే రోడ్డు మీద ముప్పై ఏళ్లుగా జీపు నడుపుతున్న మనిషి. సెంటర్లోకి ఎప్పుడూ రాలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఏమ్మా, మీ ఓబిలేష్‌కి బండి నేర్పిచ్చింది నువ్వేనంట గదా?"

"నేనా? నాకు సైకిలు కూడా రాదు మామా."

"మొన్న ఎర్రగుంట మలుపులో వాని జీపు రెండు చక్రాలు లేసినాయి. టాపు మీద ఏడు మంది. వెనక నేను వస్తాండా, కండ్లారా చూసినా. నిలబెట్టి అడిగితే ఏమన్నాడో తెలుసునా? 'ఏం కాదు మామా, మా అక్క కాడ ఆటలో ఇట్లాంటి మలుపు నూరుసార్లు తిప్పినా, జీపు పడదు' అన్నాడు."

హేమావతి నవ్వబోయింది. ముత్యాలప్ప ముఖం చూసి ఆగిపోయింది.

"ఈ పొద్దు నాలుగ్గంటల బస్సు కంటే ముందు పోయి పల్లెల్లో జనాన్ని ఎక్కిచ్చుకుంటానని స్టాండులో అందరి ముందరా పందెం కట్టినాడు. సంత జనం. టాపు నిండుతుంది. నేను చెప్తే వినడు. నీ మాటన్నా వింటాడేమో చూడు."

నూరుసార్లు. ఓబిలేష్ కుర్చీలో ముందుకు వంగి, మలుపు వచ్చినా యాక్సిలరేటరు మీట వదలకుండా పోవడం ఆమె రోజూ చూస్తూనే ఉంది. చూసి మెచ్చుకుంది కూడా.

మాటలతో వినేవాడు కాదని ఆమెకూ తెలుసు. మూడింటికి వస్తాడు. జీపు నిండేదాకా ఒక గంట ఆడుకుని పోవడం అలవాటు. మూలనున్న ఆరో కంప్యూటరే వాడిది.

"కూర్చో మామా," అని ఆమె ఆరో కంప్యూటర్లో ఫైలు తెరిచింది.

టాపు మీద జనమంటే బరువు కదా అని ముందు బరువు అంకెను రెట్టింపు చేసింది. సేవ్ చేసి, ఆట తెరిచింది. ఫైలును ఆట మొదలయ్యేటప్పుడే చదువుతుంది కాబట్టి ప్రతిసారీ మూసి తెరవాల్సిందే. ఆ పాత కంప్యూటరు ఒక్కోసారీ మూడు నిమిషాలు తింటుంది. కొండ దిగే రోడ్డు మలుపులో జీపును తిప్పింది. ఎదురొచ్చిన కారు తగిలి బంతిలా ఎగిరిపోయింది గానీ, జీపు మాత్రం మునుపటిలాగే తిరిగింది.

గడియారం రెండూ ఇరవై.

పట్టు తగ్గించింది. ఒకటిన్నరను సున్నా పాయింట్ ఐదు చేసింది. మళ్లీ మూసింది, తెరిచింది. ఈసారి జీపు మలుపులో వెనక భాగం విసురుకుంటూ పక్కకు జారి, రోడ్డు దాటి గడ్డిలో ఆగింది. పడలేదు.

వెనక నిలబడి చూస్తున్న ముత్యాలప్ప తల అడ్డంగా ఊపాడు. "జారిచ్చి ఏం లాభమమ్మా? టైరు రోడ్డును గట్టిగా పట్టుకోని, పైన బరువు బయటికి లాగితేనే బండి పడేది. జనం కూర్చునేది టాపు మీద గదా, అడుగున కాదు గదా."

ఆమెకు అర్థమైంది. పట్టును మళ్లీ సున్నా పాయింట్ ఎనిమిదికి తెచ్చింది. మైనస్ సున్నా పాయింట్ తొమ్మిది దగ్గరికి కర్సరు తీసుకుపోయింది. మైనస్ గుర్తు చెరిపి, సున్నా పాయింట్ మూడు కొట్టింది. తొందరలో పక్క అంకె కూడా చెరిగిపోయింది. చూసుకోలేదు. ఆట తెరిస్తే జీపు రోడ్డు మీద కనబడిన మరుక్షణం ఆకాశానికి ఎగిరి, ఆట మూసుకుపోయింది.

వరుసలో ఒక్క అంకె పోతే వెనకున్నవన్నీ ఒక చోటు ముందుకు జరుగుతాయి. గేర్ల చోట ఏది పడిందో, వేగం చోట ఏది పడిందో. పక్క కంప్యూటర్లో అదే ఫైలు తెరిచి, రెండు వరుసలూ వేలు పెట్టి పోల్చుకుంటూ వచ్చింది. పదకొండో అంకె దగ్గర దొరికింది. సేవ్ నొక్కేసరికి మెట్ల మీద చెప్పుల చప్పుడు.

ఓబిలేష్ వచ్చాడు. వెంట జీపు స్టాండు వాళ్లు నలుగురు.

"మామా, నువ్వేంది ఈడ?" అని ముత్యాలప్పను చూసి నవ్వి, నేరుగా కుర్చీలో కూర్చున్నాడు. "చూడండప్పా, ఎర్రగుంట మలుపు ఎట్ల తిప్పాల్నో చూపిస్తా."

ఆట తెరుచుకునే మూడు నిమిషాలూ హేమావతి గోడకు ఆనుకుని నిలబడింది. జీపును ఒకసారి తిప్పి చూసుకోవడానికి కూడా టైం దొరకలేదు. ఈసారి కూడా జీపు పడకపోతే, వాడు ఇంకా ధీమాగా లేచి పోతాడు.

తెల్ల జీపు కొండ రోడ్డు దిగింది. ఓబిలేష్ మీట వదల్లేదు. మలుపులో జీపు లోపలి వైపు చక్రాలు లేచాయి. ఒక్క క్షణం అలా నిలబడి, పక్కకు ఒరిగి, దొర్లి, తల్లకిందులై ఆగింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఇంజను నుంచి మంట లేచింది. బండి పేలింది.

వెనకనున్న వాళ్లు గట్టిగా నవ్వారు.

"అయ్, జారింది చెయ్యి," అన్నాడు ఓబిలేష్. మళ్లీ ఇంకో జీపు తెచ్చుకున్నాడు. మళ్లీ అదే మలుపు. మళ్లీ మంట. మూడోసారి వేగం కొంచెం తగ్గించాడు. అయినా పడింది. నవ్వులు ఆగిపోయాయి.

ఓబిలేష్ కుర్చీ తిప్పాడు. "ఫైలు మార్చినావా అక్కా?"

"మార్చినా."

"అందరి ముందర నన్ను నవ్వులపాలు చేయాలనా?"

"అంతకుముందు కూడా మార్చినా ఓబీ. నువ్వు నూరుసార్లు తిప్పిన జీపు నేను రాసింది. బరువంతా నేల మీదికి దించి పెట్టినా. అట్లాటి జీపు భూమ్మీద యాడా లేదు."

"ఇది మాత్రం ఉండాదా? ఇదీ నువ్వు రాసిందే గదా!"

ఓబిలేష్ లేచి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. నాలుగు దాటగానే కింద జీపు హారన్ రెండుసార్లు మోగింది. కిటికీలోంచి చూస్తే టాపు మీద మనుషులూ మూటలూ కలిసిపోయి కనబడ్డారు.

హేమావతి ఆడుతున్న వాళ్లను లేపి, ముత్యాలప్పతో సహా అందర్నీ బయటికి పంపింది. "మిగిలిన టైం రేపు ఆడుకోండి," అంటూ షట్టరు లాగి కిందికి పరిగెత్తింది. జీపు కదలబోతుంటే ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ల పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"యాడికి?" అన్నాడు ఓబిలేష్, ఆమె వైపు చూడకుండా.

"నువ్వు పోయే కాడికే."

బస్సు అప్పటికే బయల్దేరింది. ఊరు దాటాక, వేరుశనగ పీకేసిన ఎర్ర చేల మధ్య, దాని వెనక దుమ్ము కనబడింది. ఓబిలేష్ మూడో గేరు నుంచి నాలుగుకు వేశాడు. టాపు మీద ఎవరో ఈల వేశారు. చిన్న వంపు వచ్చినప్పుడల్లా పైన మనుషులు ఒకవైపుకు జరిగిన బరువు ఆమెకు సీట్లోనే తెలుస్తోంది. ఇన్ని నెలలు అంకె మారుస్తూ కూర్చుంది గానీ, ఆ అంకె ఒంటికి ఎలా తగులుతుందో ఆమెకు ఇప్పుడే తెలిసింది.

బస్సును దాటేశారు. పైన కేకలు. ఎదురుగా ఎర్రగుంట మలుపు, పక్కన నీళ్లు లేని కుంట, దాని రాళ్ల కట్ట.

ఓబిలేష్ కాలు యాక్సిలరేటరు మీదే ఉంది. ఆమె ఆ కాలినే చూస్తోంది. వాడి మెడ మీద చెమట కారింది. మలుపు ఇంకా వంద గజాలుండగా కాలు లేచింది. బ్రేకు మీద పడింది. గేరు మూడు, తర్వాత రెండు. ఇంజను అరిచింది. ముందు సీట్లో ఆడవాళ్లు అద్దం మీదికి తూలారు. జీపు నడక వేగంతో మలుపు తిరిగి, అవతల రోడ్డు పక్కన ఆగింది.

బస్సు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది.

"ఏమప్పా, బస్సు పాయె! ముందర పల్లెల్లో నీకు ఒక్క మనిషన్నా మిగుల్తాడా?" పైనుంచి ఎవరో అరిచారు.

ఓబిలేష్ స్టీరింగు వదల్లేదు. అలాగే పట్టుకుని అడిగాడు.

"అక్కా, ఆ బరువు ఎత్తు ఎంత పెడితే జీపు పడేదో నీకెట్ల తెలిసింది?"

"తెలీదు. సున్నా పాయింట్ మూడని ఊరికే పెట్టినా."

"మరి దీనిది ఎంత?" అని స్టీరింగు మీద అరచెయ్యి వేశాడు. "ఇంతమంది పైనుంటే?"

"ఎవరు కొలిచినారు ఓబీ. ఎవరికీ తెలీదు."

వాడు పైకప్పు రేకు వైపు చూశాడు. అది మనుషుల కదలికకు టకటకమంటోంది. తర్వాత తలుపు తెరుచుకుని దిగాడు.

"దిగండప్పా," అన్నాడు. "టాపు మీదోళ్లంతా దిగండి. లోపలోళ్లను దింపేసి మళ్లొచ్చి తీసుకపోతా."

"ఈ ఎండలోనా? దుడ్లు తీసుకోని నడిమధ్య దింపుతావా?"

"దుడ్లు వాపస్ ఇస్తా. దిగండి."

తిట్టుకుంటూ ఒక్కొక్కరే దిగారు. ఒక ముసలాయన మూట జారి, కొన్న ఉల్లిగడ్డలు రోడ్డు మీద దొర్లాయి. హేమావతి కూడా దిగింది. ఆమె సీటును అందరికంటే ఎక్కువ తిడుతున్న ఆ ముసలాయనకు ఇచ్చారు. జీపు మెల్లగా కదిలి వెళ్లిపోయింది.

ఏడుగురు మగవాళ్లతో కలిసి ఆమె కుంట కట్ట మీద కూర్చుంది. ముప్పావుగంట తర్వాత తెల్ల జీపు ఖాళీగా తిరిగొచ్చింది. మలుపు దగ్గర అది ఎంత నెమ్మదిగా తిరిగిందో ఆమె లేచి నిలబడి చూసింది.