జేబు కవరులో ధరల కాగితం

ఆ లాండ్రీలో ఒక నియమం ఉండేది. ఉతకడానికి వచ్చిన బట్టల జేబుల్లో ఏది దొరికినా, చిల్లర కానీ తాళంచెవి కానీ సగం నలిగిన మందుబిళ్ల కానీ, దాన్ని ఒక చిన్న గోధుమరంగు కవరులో వేసి, ఉతికిన మూటమీద గుండుసూదితో గుచ్చి పంపేవారు. షాపు పెట్టిన పెద్దాయన మొదటినాడే పెట్టుకున్న కట్టడి అది. పరుల సొత్తు మన గడపలో ఒక్క రాత్రి కూడా నిద్రించకూడదని ఆయన పట్టుదల. కాలక్రమాన జనానికి ఆ కవరంటే ఒక ముచ్చట ఏర్పడింది. మూట విప్పకముందే దాన్ని చింపి, "అరె, ఇదిక్కడుందా!" అని నవ్వుకునేవారు.

ఇప్పుడు కౌంటరు చూసుకుంటున్నది ఆయన కోడలు. లెక్క ఎన్నిసార్లు దిద్దినా ఖర్చే ఎక్కువ తేలుతోంది. ఆవిరి బాయిలరుకు కావలసిన గ్యాసూ, సబ్బుపొడీ ఏడాదిలో రెండు మార్లు పెరిగాయి. వెనక గదిలో ఇస్త్రీ చేసే అక్కకు మూడేళ్లుగా జీతం పెరగలేదు. మూల వీధిలోని హోటలువారు ఆమెను ఎక్కువ ఇస్తాం రమ్మంటున్నారు. ఆ చేయి పోతే షాపు మూసుకోవలసిందే. అలాగని ధర పెంచితే, అలిగిన జనం వేరే దారి చూసుకుంటే, అప్పుడూ మూసుకోవలసిందే.

ఆమె ఒక ప్రకటన రాసి మామగారికి చూపించింది. "మీకు మరింత నాణ్యమైన సేవలందించే సదుద్దేశంతో మా ధరలను త్వరలో సవరించనున్నాము."

పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "మరింత నాణ్యమా? అంటే ఇన్నాళ్లూ మురికి వదలకుండా పంపామా అమ్మా?"

"అందరూ ఇలాగే రాస్తారు మామయ్యా."

"త్వరలో అంటే ఎప్పుడు? రేపా, పైయేడా? ఎంత పెరుగుతుందో ఏదీ?"

వెనక గదిలోంచి ఇస్త్రీ అక్క గొంతు వినిపించింది. "నా జీతం కోసం పెంచుతున్నారని రాయొచ్చుగా! నేనేం సిగ్గుపడను. ఇస్త్రీపెట్టె నా చేతిలో ఉంది, ఎవడేమంటాడో చూస్తా."

కోడలు నవ్వింది. కాగితం చింపి మళ్లీ రాయడానికి కూర్చుంది. ఈసారి ఉన్నదున్నట్టు రాసింది. అచ్చు వేయించి తెచ్చాక ఒక ఆలోచన మెరిసింది. మూటలో పెడితే చూడరు, గోడకు అంటిస్తే చదవరు. ఆ గోధుమరంగు కవరునైతే చింపని మనిషి లేడు! ఎవరినీ అడగకుండా, ఆనాటి మూటలన్నిటికీ ధరల కాగితమే కవరులో వేసి గుచ్చేసింది.

మర్నాడు షాపు తెరిచీ తెరవగానే, ఎదురు వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయుడు కవరు చేతబట్టుకుని వచ్చాడు. ఆయన కోపంగా లేడు. అదే ఆమెకు మరీ కష్టంగా తోచింది.

"అమ్మాయ్, పోయిన నా కలం మూత దొరికిందనుకుని సంబరపడ్డాను."

"క్షమించండి మాస్టారూ. ధరల విషయం మీ కంట పడాలని..."

"ధర పెంచావని కాదమ్మా. ఈ కవరులో ఎప్పుడూ నాదే ఉండేది. ఈసారి మీది పెట్టారు. రేపటినుంచి దీన్ని ఏ మనసుతో చింపను?" కవరును కౌంటరు మీద మెల్లగా ఉంచి వెళ్లిపోయాడు.

అది చాలదన్నట్టు మధ్యాహ్నం నర్సుల హాస్టలునుంచి ఫోను వచ్చింది. షాపు పనిలో మూడో వంతు ఆ హాస్టలు దుప్పట్లే.

"మా దుప్పట్ల ధర పెరుగుతోందని ఎవరు చెప్పారో తెలుసా?" అంది మేట్రన్. "ఒక నర్సు ఏప్రను మూటకున్న కవరు! ఇన్నేళ్ల పరిచయం, ముందు నాకొక మాట చెప్పనక్కర్లేదా? ఇంకో లాండ్రీవాళ్లు రోజూ వచ్చి నా గుమ్మంలో కూర్చుంటున్నారు, తెలుసుగా."

ఫోను పెట్టేసి కోడలు స్టూలు మీద కూలబడింది. పెద్దాయన కేకలు వేయలేదు. "రాసిన మాట మంచిదే తల్లీ, అది పట్టుకెళ్లిన చెయ్యే దొంగచెయ్యిలా అయింది," అన్నాడు. "పద, మన చేతులతోనే ఇద్దాం."

కవరులో పెట్టినందుకు క్షమాపణ కూడా చేర్చి, కాగితం మళ్లీ అచ్చు వేయించారు. అందులో ఇలా ఉంది:

"మాకు బట్టలిచ్చే వారందరికీ నమస్కారం. వచ్చే నెల కాక, ఆ పై నెల ఒకటో తేదీనుంచి చొక్కా ఉతుకు పన్నెండు రూపాయలనుంచి పద్నాలుగు, దుప్పటి ఇరవై నుంచి ఇరవై మూడు అవుతుంది. గ్యాసు, సబ్బుపొడి ధరలు పెరిగాయి. ఇస్త్రీ చేసేవారికి మూడేళ్లుగా పెంచని జీతం ఇక పెంచాలి. దీనివల్ల ఉతుకు ఇప్పటికంటే మెరుగవుతుందని చెప్పము. ఇప్పటిలాగే శుభ్రంగా ఉంటుంది. ఆ తేదీకి ముందు మా చేతికి వచ్చిన మూటలకు పాత ధరే. ముందుగా డబ్బు కట్టిన కార్డులు అయిపోయేదాకా పాత ధరకే చెల్లుతాయి. ఎవరికైనా ఇబ్బందైతే కౌంటరులో చెప్పండి, కలిసి ఆలోచిద్దాం. ఈ కబురును మీ జేబు కవరులో పెట్టడం మా తప్పు, మన్నించండి. ఇకమీదట ఆ కవరులో మీది తప్ప మరేదీ ఉండదు. మీరు ఇన్నాళ్లూ నమ్మి బట్టలిచ్చారు కనుకే ఈ షాపు నడుస్తోంది. ఆ ఋణం మరువము."

ముందు హాస్టలుకు వెళ్లారు. మేట్రన్ కూర్చోమనకుండానే కాగితం చదివింది. రెండోసారి చదివాక కుర్చీ చూపించింది.

"మెరుగవదని రాశారేమిటి?"

"అవదు కనుక అమ్మగారూ," అంది కోడలు. "దుప్పటి ఇప్పటికే తెల్లగా వస్తోంది. ఇంకా తెల్లబడుతుందంటే మీరు నమ్మరు."

మేట్రన్ పెదవి చివర నవ్వు కదిలింది. "తేదీ ఇంత ముందుగా చెప్పారు కాబట్టి నా ఖర్చుల పద్దులో రాసుకోగలను. ఆ రెండోవాళ్లు పోయినేడు ఇంకో హాస్టలుకు బిల్లులో పెంచి పంపాకే చెప్పారట. దుప్పట్లు మీకే వస్తాయి. కానీ ఇంకోసారి నర్సు నాకు చెప్పకూడదు!"

"చెప్పదమ్మా, నేనే వస్తాను."

ఆ వారమంతా మామా కోడళ్లిద్దరూ తోపుడుబండి వెంట ఇంటింటికీ తిరిగి, మూట ఒక చేత, కాగితం ఒక చేత అందించారు. కొందరు గొణిగారు. ఒకాయన, "ఒక్కో చొక్కా ఇక రెండేసి రోజులు తొడుగుతా," అని బెదిరించాడు. పెద్దాయన, "తొడగండి బాబూ, కానీ మరక ముదిరితే నన్ననకండి," అన్నాడు. ఒక కుటుంబం మానుకుంది. పసిబిడ్డ తల్లి ఒకామె ఇబ్బంది చెప్పుకుంటే, ఆమెకు మరికొన్ని నెలలు పాత ధరే ఉంచారు. మాస్టారి తలుపు తాళం వేసి ఉంది. ఊరికి వెళ్లారట. కాగితం గుమ్మం కిందినుంచి లోపలికి జరిపి వచ్చేశారు. ఆ తలుపు మాత్రం కోడలి మనసులో మూసే ఉండిపోయింది.

కొత్త ధర మొదలైన నాటి ఉదయం పెద్దాయన దేవుణ్ణి తలచుకుని బాయిలరు వెలిగించాడు. హాస్టలు దుప్పట్ల మూటలు వరుసగా వచ్చి పడ్డాయి. ఇస్త్రీ అక్క, పెరిగిన జీతం అందుతుందన్న ధీమాతో, హోటలువాళ్లను వచ్చి తన ఇస్త్రీపెట్టె మోసిపెట్టమని ఎగతాళి చేస్తూ పని మొదలుపెట్టింది. అప్పుడే మాస్టారి మూట వచ్చింది. పాత ధర గడువు నిన్నటితోనే ముగిసింది. కావాలనే ఈరోజు పంపినట్టుంది.

కోటు జేబులు తడిమిన ఇస్త్రీ అక్క ఒక మడత కాగితం తీసింది. "ఇదిగో, ఇది కూడా కవరులో పెట్టు. నియమం నియమమే."

కోడలు మడత విప్పింది. గుండ్రటి బడి అక్షరాలు.

"అమ్మాయ్, ఇది పొరపాటున మిగిలింది కాదు, మీకే రాశాను. కవరులో పెట్టి తిరిగి పంపవద్దు. నిజం చెప్పి అడిగారు, సంతోషంగా ఇస్తున్నాను. ఇన్నేళ్లూ నా చిల్లర నాకే పంపారు, ఆ కృతజ్ఞత నేనే ఇంతవరకూ చెప్పలేదు. కాలరు ఎడమపక్క కాస్త గట్టిగా రుద్దించు."

ఆమె కళ్లు తుడుచుకుని కాగితాన్ని కౌంటరు వెనక గోడకు గుచ్చింది. తర్వాత కాలరు ఎడమపక్క తానే సబ్బు పట్టించింది.