బెల్టుకు జాలీ

పుంగనూరులో వేరుశనగ నూనె మిల్లు ఫోర్‌మన్ ఆదెప్పకు ఆ వారం కుదురు లేదు. ఫ్యాక్టరీ ఇనస్పెక్టరు తనిఖీకి రానున్నాడని తాను తయారుచేసిన పట్టీలో పద్నాలుగు లోపాలు తేలాయి. యజమాని లక్ష్మీపతి వాటిలో గోడలకు సున్నం వేసే పనిని ముందు పెట్టమన్నాడు.

"ఇనస్పెక్టరుకు ముందు కనపడేది గోడలే కదప్పా."

"గోడలతో ఎవురి చెయ్యీ పోదు సామీ. మిషను తిప్పే బెల్టుకు అడ్డం జాలీ లేదు, కూలి నాగమ్మ దినామూ దాని పక్కనే పొట్టు ఊడస్తాండాది. దెబ్బ ఎంత పెద్దది, తగిలే వీలెంత, ఆ రెండూ సూసే వరస పెట్టినా."

లక్ష్మీపతి విసుగ్గా ఒప్పుకున్నాడు. ఆదెప్ప బెల్టును మొదట రాసి, పక్కన ఫిట్టరు మునిరాజు పేరూ, శుక్రవారం గడువూ వేశాడు.

శుక్రవారం మునిరాజు "అయిపోయిందన్నా" అన్నాడు. ఆదెప్ప మిల్లు ఆపించి జాలీని పట్టుకుని ఊపాడు. రెండు బోల్టులు వదులుగా ఉన్నాయి. "కాలేదు" అని రాసి, అవి బిగించేదాకా మిల్లు తిప్పనివ్వలేదు.