లోపల వదిలిన గుడ్డ

కుట్టు దుకాణంలో నెలల తరబడి ఈగలు తోలుకోవడమే పనయ్యేసరికి అత్తగారు దిగొచ్చింది. రావడం మానేసిన పాత వాళ్ళకు ఫోన్‌లో ఒక కబురు పంపుదాం, నెలాఖరు లోపల ఎవరూ రాకపోతే షట్టరు దించేద్దాం, నువ్వు నిన్ను రమ్మంటున్న ఆ కుట్టు నేర్పే బడిలో ఉద్యోగానికి వెళ్ళిపో అంది. కోడలు పైకి తలూపింది. లోపల ఎగిరి గంతేసింది. పెళ్ళయినప్పటి నుంచీ మిషను ముందు కూర్చుని ఆమె చూసింది ఎదురుగోడనే. మొగుడుగారిని అడిగి లాభం లేదు. ఆయనది అమ్మ పక్షమూ కాదు, ఆలి పక్షమూ కాదు, భోజనం పక్షం.

భారీ తగ్గింపు, మూడు రోజులే అని రాయమంది అత్తగారు. అలాగే పంపేస్తే పిట్ట కూడా వాలదని కోడలికి తెలుసు. పంపేస్తే పోయేది. కానీ వంకర కుట్టు కనబడితే విప్పకుండా ఉండలేని మనిషి ఆమె. ఆ పాత వాళ్ళు డబ్బుకు చూసుకుని మానలేదు. ఒళ్ళు చేసి, మళ్ళీ టేపు ముందు నిలబడడానికి మొహమాటపడి మానేశారు. ఏటికేడు పెరిగే కొలతలు రాసుకున్నది తనే కదా, ఆ సంగతి తనకు తెలియదా?

అందుకని ఇలా రాసింది: "నమస్కారం. మీకు కుట్టిన బట్టల్లో పక్క కుట్టు లోపల కొంచెం గుడ్డ వదిలే ఉంచాం. ఇప్పుడు బిగుతయితే తీసుకురండి, వదులు చేసిస్తాం. డబ్బులక్కర్లేదు. మా కబుర్లు అక్కర్లేకపోతే 'వద్దు' అని పంపండి, ఇక రాయం."

ఏడాదికి పైగా రానివాళ్ళకే, ఎవరి పేరుతో వాళ్ళకు పంపింది. చనిపోయినవాళ్ళ పేర్లు అత్తగారు ముందే తీసేయించింది. ఊరికే చేసే పనితో ఏ దుకాణమూ నిలబడదులే అని కోడలు తన మనసుకు సర్దిచెప్పుకుంది.

మర్నాడే ఒక మాస్టారు బిగుసుకుపోయిన ప్యాంటు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. పాత కుట్టు విప్పి, ఇస్త్రీ చేసి, అంచుకు జరిపి కుట్టిచ్చింది. తొడుక్కుని చూసుకుని, వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చి రెండు చొక్కాలకు గుడ్డ ఇచ్చాడు. ఆయన వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక వాళ్ళ అక్క. వారం తిరక్కుండానే బల్ల మీద చెయ్యి పెట్టడానికి చోటు లేదు. ప్రతి కొత్త గుడ్డతోనూ కోడలి గుండె ఒక అంగుళం దిగిపోయేది.

అలా ఒక సాయంత్రం అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. ముసలామె కళ్ళలో నీళ్ళు.

"నువ్వు లేకపోతే ఈ కొట్టు లేదమ్మా. ఆ బడివాళ్ళకు నువ్వు రావట్లేదని నేనే చెప్పేశాను."

కోడలికి ఏడుపొచ్చింది. సంతోషం అనుకుని అత్తగారు వీపు నిమిరింది.

ఇంతలో ఫోన్ మోగింది. పాత వాళ్ళలో ఎవరో ఒకాయన జవాబు పంపాడు. ఒకే మాట: వద్దు.

ఆయన నంబరు తీసేయాలి. తీసేయడానికి ఒక్క క్షణం చాలు. కోడలు మాత్రం ఆ మాటను చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఆ మాట పంపే వీలు ఊళ్ళో అందరికీ ఇచ్చింది తనే. తరవాత ఆయన పేరు తీసేసి, గోడవైపు తిరిగి, తరవాతి గౌను కుట్టు విప్పడం మొదలుపెట్టింది.