జరపని సీటు

సర్వీస్ సెంటర్ నుంచి మెసేజ్ వచ్చింది. "రేపు ఉదయం పదింటికి మీ కారు సర్వీస్ స్లాట్ ఖాయమైంది. సుమారు నాలుగు గంటలు పడుతుంది. కారు మేమొచ్చి తీసుకెళ్లాలా, మీరే తెస్తారా? పనయ్యాక ఇంటికి పంపాలా?"

తనే తెస్తానని, మధ్యాహ్నం భార్య దగ్గరుండాలి గనక తిరిగి మాత్రం పంపమని మాస్టారు జవాబిచ్చాడు. డ్రైవరొస్తే సీటు జరుపుతాడని ఆయన బెంగ. భార్య పొట్టి మనిషి. సీటు ఆవిడ కాళ్లకు తగ్గట్టు ముందుకుంది. కాలు విరిగి మంచాన పడ్డ దగ్గర్నుంచి ఆవిడది ఒకటే మాట: "ఇక నేను కారు నడిపినట్టే!" ఆ సీటు జరపడానికి ఆయనకు చేతులు రాలేదు.

మర్నాడు మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకుంటుంటే తిట్టుకుంటూనే వెళ్లి, కౌంటర్లో అమ్మాయికి సంగతంతా చెప్పాడు.

"పని చేసేటప్పుడు జరపక తప్పదండీ. మళ్లీ ఉన్నచోటికే జరుపుతాం" అని ఆ అమ్మాయి కారు దగ్గరికొచ్చి సీటు పక్కన గుర్తుగా టేపు అంటించింది.

మధ్యాహ్నం కారు ఇంటి ముందు ఆగింది. తాటిచెట్టంత డ్రైవరు మడతలు విప్పుకుంటున్నట్టు దిగి, మోకాళ్లు రుద్దుకున్నాడు.

"కాస్త వెనక్కి జరుపుకోకపోయావా నాయనా?"

"అమ్మగారి సీటట కదా సార్."

కిటికీ పక్క మంచం మీంచి చూస్తున్న భార్య గయ్యిమంది. "మీ చాదస్తం తగలెయ్య! ఆ అబ్బాయిని కూడా కుంటివాణ్ణి చేస్తారా? ముందు సీటు వెనక్కి జరపండి. నేను లేచాక నాక్కావలసినట్టు సర్దుకుంటాను."

తాళాలు అందుకోబోతున్న మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నావ్? ఆ చివరి మాట మళ్లీ అను."