బొమ్మ ఆగిన కాసేపు

క్వారీలో సిగ్నల్ దొరికేది ఒక్కచోటే. లారీలు తూచే కాటా గదికి బయటున్న ఇనుప మెట్ల మీద, అదీ పైమెట్టు మీద, గోడకు ఆనుకుని నిలబడితే. కాటా చూసే అమ్మాయి పొద్దుట్నుంచి ఆ మెట్టు మీదే ఉంది. ఆసుపత్రిలో అమ్మకు ఆపరేషన్. చిన్నదే అన్నారు. డ్యూటీ మార్చుకునే మనిషి సాయంత్రానికి గాని రాడు. నాన్న వీడియో కాల్ చేసి సంగతి చెప్పాలి.

నాన్న దర్జీ. పుట్టు చెవుడు, మాట లేదు. ఆయన మాటలన్నీ చేతుల్లోనే. అందుకని మిగతావాళ్లకు వీడియో ముచ్చటైతే ఈ ఇంటికి అది గొంతు. ఫోన్లో డేటా సేవర్ పెట్టి, కాల్ చేసే యాప్‌ను మాత్రం దాన్నుంచి మినహాయించింది అమ్మాయి. మిగతా యాప్‌లు వెనక నుంచి డేటా లాగేయకుండా. ఆ యాప్‌లోనే కాల్స్‌కు తక్కువ డేటా వాడే మీట కూడా నొక్కింది. దాంతో బొమ్మ మసకబారుతుంది, వేళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అయినా ఎక్కువసేపు ఆగకుండా నడుస్తుంది. నాన్న కూడా తెల్లగోడ ముందు నిలబడి, చేతులు పెద్దగా, నింపాదిగా తిప్పడం నేర్చుకున్నాడు.

సిగ్నల్ మరీ పడిపోతే యాప్ తనంతట తానే వీడియో ఆపేసి మాటను మాత్రం ఉంచుతుంది. లోకానికంతా అది మేలే. ఈ ఇంట్లో మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని అమ్మ నవ్వేది. బొమ్మ పోతే నాన్న లెక్కలో కాల్ ఆగినట్టే. ఫోన్ అలాగే పట్టుకుని బొమ్మ తిరిగొచ్చేదాకా కూర్చుంటాడు. బొమ్మ పోయినా తన వైపు శబ్దం అవతలివాళ్లకు వినిపిస్తూనే ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఏం లాభమని అమ్మాయే ఊరుకుంది.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. తెల్లగోడ, నాన్న. అరచేయి చెంపకు ఆనించాడు. అమ్మ పడుకుంది. ఇంకేదో చెప్పబోతుండగా చేయి గాల్లో ఆగింది. తెర నల్లబడి, నెట్‌వర్క్ బలహీనంగా ఉందని, వీడియో ఆపామని రాసి వచ్చింది. పడుకుందంటే అంతా సవ్యంగా జరిగిందన్నమాట. అమ్మాయి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు ఫోన్లోంచి నాన్న గొంతు వినిపించింది. ఆయనకున్నది ఒకే ఒక్క కూత. అమ్మను పిలవడానికే దాన్ని వాడతాడు. అది వినగానే అమ్మ ఏ గదిలో ఉన్నా నేల మీద రెండుసార్లు కాలితో తట్టేది, ఆ అదురు ఆయన పాదాలకు తెలిసేలా. ఇప్పుడు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఏ తట్టూ వినపడలేదు.

ఎవరో ఆడమనిషి, నర్సు కాబోలు, "పెద్దాయనా, ఆ చెయ్యి వదలండి. ఆవిడని తీసుకెళ్లాలి" అంది.

"ఆయనకి వినపడదే. ప్రాణం పోయినప్పట్నుంచి, ఫోన్ చెయ్యడానికి లేచాడంతే, ఆ చెయ్యే పట్టుకుని కూర్చున్నాడు" అంది ఇంకో గొంతు.

"కూతురికి చెప్పారా?"

"దార్లో ఏమైపోతుందోనని, వచ్చాకే చెబుతానని చీటీ రాసిచ్చాడు."

అమ్మాయికి ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. కింద లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. లోపలికెళ్లి బరువు చూసి చీటీ చింపి ఇచ్చి, మళ్లీ పైమెట్టు మీదికి వచ్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఫోన్లో ఆ కూత ఇంకా వినిపిస్తూనే ఉంది. కాల్ తుంచేయబుద్ధి కాలేదు.

సిగ్నల్ గీతలు రెండయ్యాయి. ఆపిన వీడియో తిరిగొస్తోందని తెర మీద పడేసరికి అవతల కూత ఆగిపోయింది. బొమ్మ వచ్చేసరికి నాన్న మొహం తుడుచుకుని ఉన్నాడు. నవ్వాడు కూడా. అమ్మ నిద్రపోతోంది, డాక్టరు బాగుందన్నాడు, తిని నిదానంగా బయల్దేరు అని చేతులతో పెద్దపెద్దగా చెప్పాడు. మసకలోనూ ఒక్క మాట పొల్లుపోలేదు. ఆయన అబద్ధమాడగా చూడడం ఆమెకు ఇదే మొదలు.

విన్నానని చెబితే ఆయన ఇంతసేపు దాచుకున్నదంతా ఆ గోడ ముందే కూలిపోతుంది. పక్కన భుజం పట్టుకునే అయినవాళ్లు కూడా లేరు. ఆమె ఫోన్‌ను కాటా గది కిటికీ ఊచలకు ఆనించి రెండు చేతులూ ఎత్తింది.

అమ్మ లేచాక, నేను వస్తున్నానని చెప్పు.

నాన్న చేయి గాల్లో ఆగిపోయింది. బొమ్మ మళ్లీ ఆగిందేమో అనుకుంది ఆమె. కానీ ఆయన పక్కన కిటికీ తెర ఫ్యాను గాలికి ఊగుతూనే ఉంది.

కాసేపటికి ఆ చేయి కదిలింది. చెబుతానంది.