నీకో, మీకో

శ్రీధర్‌రావు పంతులు పుస్తకం పనంతా అయిపోయింది, అంకితం రాసే ఒక్క వాక్యం తప్ప. ఆ వాక్యం దగ్గరే ఆయన వారం నుంచి తిప్పలు పడుతున్నాడు. సాయంత్రం బస్సుకు ప్రూఫులు కరీంనగర్ ప్రెస్సుకు పోవాలి.

బెల్లంపల్లి బడిలో నిజాం కాలం నుంచీ సంస్కృతం చెప్పిన మనిషి ఆయన. ఎవరు రాశారో తెలియని చిన్న కావ్యమొకటి మంథని బంధువుల ఇంట్లో తాటాకుల మీద దొరికితే, దాన్ని తెలుగు చేయాలని కూర్చున్నాడు. కూర్చున్న ఏడే కళ్లకు శుక్లాలు కమ్మాయి. అప్పటి నుంచి భార్య లీలాబాయి చదివేది, ఆయన తెలుగు చెప్పేవాడు, ఆమె రాసేది. సంస్కృతం ఆమెకు పుట్టింట్లోనే వచ్చు. పొయ్యి మీద పప్పు మాడితే ఆమెదే తప్పు, పప్పు చూడ్డానికి శ్లోకం మధ్యలో లేస్తే అదీ ఆమె తప్పే. పంతులుగారితో కాపురమంటే అంతే మరి.

వరదలో గోదావరికి ఆ ఒడ్డున చిక్కుకుపోయిన భర్త, ఈ ఒడ్డున ఇంట్లో ఉన్న భార్య ఒకరినొకరు పిలుచుకోవడమే ఆ కావ్యం. ఏ మాట ఎవరిదో కవి చెప్పడు. ఒకచోట 'తవాస్మి' అని ఉంది. సంస్కృతంలో మగవాడన్నా ఆడదన్నా అదే మాట. తెలుగులో అట్లా కుదరదు, 'నీవాడిని' అనాలి, లేదా 'నీదానిని' అనాలి. శ్రీధర్‌రావు తడుముకోకుండా 'నీవాడిని' అన్నాడు. లీలాబాయి కలం ఆగింది.

"దీపం ఆరకుంట చెయ్యి అడ్డం పెట్టిన అని పై శ్లోకంల ఉన్నది గద. ఆవలి ఒడ్డున చిక్కినాయనకు ఇంటి దీపమెక్కడిది? ఇది ఆమె మాట."

ఆయనకు కోపం రాబోయింది. మళ్లీ చదివించుకుని విన్నాడు. ఆమె చెప్పిందే నిజం. ఆ రోజు ఆమె ఊరుకుని ఉంటే, కావ్యంలోని అసలైన మాట భార్య నోట్లోంచి లాగి భర్తకు ఇచ్చేసేవాడే. అట్లాంటివి ఇంకెన్ని ఆపిందో ఆయనకే తెలుసు. కళ్లు పోయినా కావ్యం పోకుండా కాపాడింది ఆమె. ఆ రుణం నోటితో చెప్పడం చేతకాకే సంస్కృతంలో అంకితం కట్టాడు, 'కావ్యమిదం తుభ్యమ్' అని.

పొద్దున అది చెప్తే లీలాబాయి రాసి, "ఏ దేవునికి?" అని అడిగింది.

"దేవునికి గాదు. నీకే."

ఆమె ఆ వాక్యం మీది సిరా ఆరేదాకా ఊదింది. తర్వాత మెల్లగా, "కింద తెలుగు గూడ పెట్టాలె గద. చెప్పుండ్రి," అంది.

చిక్కంతా అక్కడే ఉంది. 'తుభ్యం' అంటే నీకైనా మీకైనా ఒకటే, అందులో పెద్దా చిన్నా లేదు. తెలుగులో 'నీకు' అంటే, నీళ్ల చెంబు తెమ్మని కేకేసే పిలుపే కదా అది. బతుకంతటి కృతజ్ఞతకు ఆ మాట చాలదనిపించింది ఆయనకు.

"'మీకు' అని రాయి."

లీలాబాయి కలం కింద పెట్టేసింది. "అట్ల నేను రాయ. ఎవరో ఊరి పెద్దమనిషికి ఇచ్చినట్టుంటది. ఇన్నేండ్ల సంది ఇంట్ల ఉన్నదాన్ని అరుగు మీద కూసోబెడ్తరా?"

"మరి 'నీకు' అంటే చిన్నగ అయితది."

"ఎందుకయితది? ఆ ఒడ్డాయన, ఈ ఒడ్డామె ఇద్దరు 'త్వమ్' అనే అనుకున్నరు. ఆయన నోట్ల 'నువ్వు', ఆమె నోట్ల 'మీరు' పెట్టింది మనమే."

మనమే అంది గానీ, పెట్టించింది తనేనని శ్రీధర్‌రావుకు తెలుసు. 'నువ్వు' చిన్న మాట కాదు. ఒకవైపు నుంచే పోతుంటే చిన్నదైంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అయితె ఆమె 'మీరు'లన్ని కొట్టెయ్యి. ఆమె గూడ 'నువ్వు' అనాలె. అంకితంల 'నీకు' అనే రాయి."

"ప్రెస్సోళ్లు తిడ్తరు."

"తిట్టనీ."

ఆమె ఒక్కో కాగితం తీసి దిద్దుతూ పైకి చదివింది. మొదట్లో గొంతు తడబడింది. మొగుణ్ణి 'నువ్వు' అనడం పుస్తకంలో అయినా ఆమెకు కొత్తే. పోను పోను కుదురుకుంది. "పొద్దుగూకుతున్నది, నువ్వు తిన్నావా" అని ఈ ఒడ్డు భార్య అడిగే చోట ఆగి, ప్రూఫుల మీద పడ్డ బొగ్గు గనుల నుసి కొంగుతో తుడిచింది. శ్రీధర్‌రావుకు కాగితం కనిపించలేదు గానీ ఆమె ఎందుకు ఆగిందో తెలిసింది. అది ఆమె రోజూ 'మీరు' అంటూ తనను అడిగే మాటే. ఆమె తనకు దొరకడం ఎంత అదృష్టమో అనుకున్నాడు. పైకి మాత్రం, "నువ్వు గూడ నన్ను అట్లనే పిలువ్ లీలా," అన్నాడు.

"నాలుక తిరుగది. ఊకోండ్రి," అని నవ్వి, ప్రూఫులు కట్ట కట్టి, బస్సు దాకా పోయి ఇచ్చి వచ్చింది. వచ్చినదే వంటింట్లోకి పోయింది. గిన్నెల చప్పుడైంది. పీట వాల్చిన చప్పుడైంది.

"అన్నం పెట్టిన," అంది లోపలి నుంచి. కొంచెం ఆగి, "నువ్వు రా," అంది.

శ్రీధర్‌రావు గోడ తడుముకుంటూ లేచాడు.