సూది గుచ్చని వేలు

నిరంజన్ మైకు పట్టుకుంటే జాతర మొత్తానికి మైకం ఎక్కేది. గద్వాలలో ఆయనకో మైక్ సెట్ దుకాణం ఉంది. పెండ్లయినా, మీటింగైనా, అమ్మవారి జాతరైనా ఆయన స్పీకరు డబ్బాలే కట్టాలి, ఆయన గొంతే మోగాలి. తప్పిపోయిన పిల్లల్ని పిలిచేటప్పుడు కూడా పదాలతో గారడీ చేసేవాడు. "అయిజ నుంచి వచ్చిన ఎర్ర గౌను పాప మా కాడ ఉన్నది. ఆమె ఏడుపు నాకు వినబడుతుంది, నా అరుపు ఆమె అమ్మకు వినబడాలె" అని ఆయనంటే జనం నవ్వేవారు, తల్లి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చేది.

ఆ గొంతులోనే పోయినేడు గడ్డ లేచింది. గొంతులో గడ్డ, బతుకులో గడ్డుకాలం అని తన మీద తనే జోకు వేసుకున్నాడు గానీ, నవ్వడానికి కూడా చప్పుడు రాలేదు. ముక్క కోసి పరీక్షకు పంపారు. ఆ జవాబు వచ్చేదాకా ఆయన భార్య సరోజ వంటింట్లో నిలబడి అమ్మవారికి మొక్కుకుంది. నా పెనిమిటి గొంతు నాకియ్యి తల్లీ, జాతరనాడు పచ్చి మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టక ఒక్కపొద్దుండి, నీకు బోనం ఎత్తిన తర్వాతే నోట్లో మెతుకు పెడత అని. గడ్డ మామూలు గడ్డే అని తేలింది, తీసేశాక గొంతు తిరిగొచ్చింది. మాఘమాసం వచ్చింది. ఇక మొక్కు తీర్చాలి.

చిక్కల్లా సరోజకు షుగరుండటం. నాలుగేండ్లుగా పొద్దున లేవగానే ఒక గోలీ మింగి, అరగంటకు రొట్టె తినేది. గద్వాల డాక్టరమ్మ ఎప్పుడు పోయినా ఒకటే చెప్పేది. "పండుగలకు ఉపాసముంటే ముందుగాల నన్నడుగు సరోజమ్మా. ఆ పొద్దు గోలీ మార్చాలె, లేదంటే ఆపాలె. మిషన్‌ల చూసుకుంట ఉండు, సూది గుచ్చితే ఉపాసం చెడదు. అంకె డెబ్బైకి దిగిందంటే మొక్కు పక్కకు పెట్టు, తీపి నోట్ల వెయ్యి." నిరంజన్ దాన్ని కూడా వదలలేదు. డెబ్బై దిగితే దెబ్బే అని ఇంట్లో పాటలా పాడేవాడు. హైదరాబాదులో ఉండే బావమరిది తెచ్చిచ్చిన మిషన్ ఆయన చేతి సంచిలోనే ఉండేది. అయితే జాతర సంగతి మాత్రం సరోజ డాక్టరమ్మను అడగలేదు. అడిగితే వద్దంటుంది. వద్దన్నాక ఉంటే డాక్టరమ్మ మాట తీసేసినట్టు, ఉండకపోతే అమ్మవారి మాట తప్పినట్టు. అడగకపోతే ఇద్దరికీ మంచిదే అనుకుంది.

జాతర పొద్దున సరోజ తలంటుకుని, రోజూలాగే గోలీ మింగింది. ఆమె తోడికోడలు హన్మమ్మ, నిరంజన్ అన్న భార్య, అది చూసింది. "గోలీ తినుడు కిందికి వస్తదా అక్కా?" అని సరోజ అడిగితే, "మందు మందే, తిండి తిండే. మింగు" అంది హన్మమ్మ. మామూలు రోజుల్లో గోలీ మానొద్దని డాక్టరమ్మ అన్నదని ఇద్దరికీ గుర్తుంది. రొట్టె తినకుండా మింగొద్దన్నదని ఇద్దరికీ గుర్తు రాలేదు.

ట్రాక్టరులో జాతరకు చేరి, గుడికి ఎదురుగా చేనులో డేరా వేశారు. నిరంజన్ రోడ్డు పక్కన మైకు బల్ల దగ్గర చేరిపోయాడు. పొద్దు నెత్తికి రాకముందు నీళ్లు తాగుదామని డేరాకొచ్చి చూస్తే, సరోజ బోనం కుండకు సున్నం బొట్లు పెడుతూ ఉంది. బొట్లు వంకరగా పడుతున్నాయి.

"ఏందే, బొట్టు పెట్టమంటే ముగ్గేస్తున్నవ్?"

"చెయ్యి వణుకుతుంది. పొయ్యి కాడ కూసున్న గద."

"పొయ్యి కాడ కూసుంటే చెయ్యి కాలాలె, వణుకుడెందుకు? ఇటు తే."

ఆమె మెడ మీది చెమట ఆయన చేతికి చల్లగా తగిలింది. ఆయన సంచిలోంచి మిషన్ తీసి వేలికి సూది గుచ్చాడు. యాభై నాలుగు.

"చక్కెర తగ్గింది, చక్కర్ వస్తది. ఇగ లే, తాగు" అని లోటాలో మూడు పిడికిళ్ల చక్కెర కలిపాడు.

సరోజ మొహం తిప్పుకుంది. "నీ గొంతుకని మొక్కినయ్యా."

"నా గొంతు బాగనే ఉన్నది. నీ గొంతులకు ఇది పోవాలె."

ఆమె ఏడుస్తూ తాగింది. కాసేపటికి వణుకు తగ్గింది. మళ్లీ గుచ్చితే తొంభై రెండు.

"పాసైనవ్. మొదటి శ్రేణి" అన్నాడు నిరంజన్. "ఇగ రెండు ముద్దలు తిను."

"ముద్దలేంది నిరంజనా" అని హన్మమ్మ లోపలికొచ్చింది. "నీళ్లు తాగె, మందులెక్క తాగె, సరే. చెడిపోయిన ఒక్కపొద్దును గట్లనే ఇడిసిపెడితే ఇంటికి మంచిది కాదు. నెత్తి మీద నీళ్లు పోసుకొని మళ్ల పట్టుకోవాలె. మా అత్త గిట్లనే చేసేది. బోనం ఎత్తే దాకనే గద."

సరోజ ఆయన మొహంలోకి చూసింది. అడుగుతున్నట్టు కాదు, బతిమాలుతున్నట్టు. మిషన్ తొంభై రెండు చూపించింది. డెబ్బై దాటింది. తను పాడిన పాట ప్రకారం దెబ్బ లేదు. ఆ గోలీ సాయంత్రం దాకా, మళ్లీ తెల్లారేదాకా కూడా లోపల పనిచేస్తూనే ఉంటుందని, చక్కెర నీళ్లు దాన్ని కాసేపు ఆపాయే తప్ప ఇంటికి పంపలేదని ఆయనకు తెలియదు. "సరే, జర నీడకు కూసో" అని మైకు దగ్గరికి పోయాడు. సరోజ బోరింగు కింద తల తడుపుకుని మళ్లీ మొక్కు పట్టుకుంది.

మధ్యాహ్నం జనం పెరిగారు. ఒక ముసలాయన తప్పిపోయాడు, ఒక ట్రాక్టరు దారికి అడ్డమైంది, చెప్పులు పోయినవాళ్లు లైను కట్టారు. పొద్దు వాలుతుండగా హన్మమ్మ ఎదురు డేరాలోని యాదమ్మను పంపింది.

"అన్నా, దబ్బున రా. వదినెకు అమ్మ వచ్చింది."

నిరంజన్ ఛాతీ పొంగింది. ముప్పై ఏండ్లుగా ఎవరెవరి ఇండ్లకో వచ్చిన అమ్మవారు మొదటిసారి తన ఇంటి ఆడమనిషి మీదికి వచ్చింది. మైకు తీసుకుని చెప్పేశాడు. "అమ్మ మా ఇంటికొచ్చింది. నా భార్య సరోజ మీదికొచ్చింది. చెప్పించుకునేటోళ్లు ఎదురు చేనుల డేరాకు రావాలె." నాలుగు డబ్బాల్లోనూ ఆ మాట మోగింది. ఆయన చేరేలోపలే డేరా చుట్టూ జనం మూగారు. ఎవరో డప్పు అందుకున్నారు.

సరోజ నేల మీద కూర్చుని ఊగుతూ ఉంది. జుట్టు విప్పారు. మొహం నిండా పసుపు రాశారు. ఆ పసుపు చెమటకు కరిగి మెడ మీదికి జారుతోంది. మాట ముద్దగా వస్తోంది. ఎవరిని చూస్తున్నా వాళ్ల వెనకాల ఇంకెవరినో చూస్తున్నట్టుంది.

ఆ చెమట నిరంజన్ పొద్దున చూసిందే. సంచిలో చెయ్యి పెట్టి మిషన్ తీశాడు.

హన్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏందది?"

"సూస్త వదినె. ఒక్క చుక్క."

"అమ్మకు సూది గుచ్చుతవా? అమ్మ నెత్తురు తీస్తవా?"

"పొద్దుగాల గిట్లనే ఉండె గద."

"పొద్దుగాల సరోజ. ఇప్పుడు సరోజ కాదు. కండ్లు చూడు."

ఆయన వినకుండా కూర్చుని సరోజ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించి కొట్టింది. "ముట్టకు" అంది.

"ఇన్నవా" అంది హన్మమ్మ. "ముట్టకు అన్నది. అమ్మ నోటి మాట."

"సరోజా, నేనే. నిరంజన్."

"ఎవరు నువ్వు?"

డేరాలో ఆడవాళ్లంతా చేతులెత్తి మొక్కారు. పెనిమిటినే ఎవరు నువ్వంటోంది, ఇంతకన్నా రుజువేం కావాలి? ఆయనకు చిన్నప్పటి నుంచి తెలిసిన లోకమంతా అక్కడ నిలబడి ఆయన చేతిలోని సూదిని చూస్తోంది. మిషన్ సంచిలో పెట్టేశాడు. చేతులు జోడించాడు.

హన్మమ్మ వంగి అడిగింది. "తల్లీ, మా మరిది గొంతు కాపాడితివి. ఇంకేం కావాలె నీకు? చెప్పు."

సరోజ పెదవులు చాలాసేపు కదిలాయి.

"ఆకలి" అంది.

జనం ఒక్క పెట్టున కదిలారు. అమ్మకు ఆకలైతోంది, బోనం ఆలస్యమైంది. హన్మమ్మ కుండ నెత్తికెత్తుకుంది. డప్పు ముందు నడిచింది. గుడి దాకా లైను కిక్కిరిసి ఉంది. నిరంజన్ మైకు దగ్గరికి పరుగెత్తాడు. "జర తొవ్వ ఇయ్యండి. లైనుల ఉన్నోళ్లు పక్కకు జరగాలె. అమ్మకు ఆకలైతుంది. అమ్మకు ఆకలైతుంది." గొంతు గట్టిగా ఉంది, స్పష్టంగా ఉంది. చేనులో చివరి డేరా దాకా వినబడింది. సరోజ ఉన్న డేరాలో కూడా వినబడి ఉండాలి. పూనకం దిగాక అలసట ఉంటుందని ఆమెను గుంజకు ఆనించి, పక్కన యాదమ్మను కూర్చోబెట్టి పోయారు.

బెల్లమన్నం గుడిలో దేవత ముందు పెట్టి, మిగిలింది ఆకులో పట్టుకుని హన్మమ్మ తిరిగి వచ్చేసరికి సరోజ నేల మీద పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది. "నిద్రపోయింది అనుకున్న" అంటోంది యాదమ్మ. నిరంజన్ వచ్చి సూది గుచ్చాడు. ఈసారి ఎవరూ ఆపలేదు. మిషన్ అంకె చూపించలేదు. అంకె కొలిచే హద్దుకన్నా కింద ఉంటే వచ్చే ఎల్, ఓ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపించింది. ఎవరో నోట్లో బెల్లం నీళ్లు పోయబోతే, తెలివి లేని మనిషికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి అడ్డం పడ్డాడు. పోయించనూ లేడు, పోయించకుండా ఉండనూ లేడు. సరోజను ఎవరిదో జీపు ఎక్కించారు. జాతర జనం మధ్యలోంచి జీపు కదలడానికి దారి కావాలి. మైకు దగ్గర చెప్పేవాళ్లెవరూ లేరు.

గద్వాల దవాఖానలో గ్లూకోజు నరంలోకి ఎక్కించగానే అంకె పైకొచ్చింది. సరోజ లేవలేదు. కాసేపటికి అంకె మళ్లీ పడింది. మళ్లీ ఎక్కించారు, మళ్లీ పడింది. నిరంజన్ బావిలోకి చూస్తున్నట్టు ఆ మిషన్‌లోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఇదేంది డాక్టరమ్మా, పొద్దున తొంభై రెండుకు వచ్చె."

"గోలీ ఇంకా లోపల పనిచేస్తుంది. పొద్దున ఎక్కింది మీరు పోసిన చక్కెర. అది కరిగిపోయింది, గోలీ మిగిలింది. ఒకసారి డెబ్బైకి పడ్డంక ఆ పొద్దు ఉపాసం అయిపోయినట్టే. అన్నం తినిపియ్యాలె, గంట గంటకు చూడాలె, మా కాడికి తేవాలె."

"డెబ్బై దాటితే చాలనుకున్న."

డాక్టరమ్మ గ్లూకోజు సీసా మార్చింది. చాలాసేపు చక్కెర అందక మెదడు దెబ్బతిన్నదని, ఎంత తిరిగొస్తుందో చెప్పలేమని మర్నాడు చెప్పింది. కర్నూలు పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. అక్కడా అదే మాట.

నెల తిరిగేసరికి సరోజను ఇంటికి తెచ్చారు. కండ్లు తెరిచే ఉంటాయి. మాట లేదు. హన్మమ్మ మొదట్లో ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, అది నిజంగా అమ్మవారేనని, అమ్మ కోపం వల్లే ఇట్లయిందని నిరంజన్‌కు చెప్పబోయింది. ఆయన గంజి గిన్నె అందుకుని లేచిపోయాడు. వాదించే ఓపిక లేదని ఆమె అనుకుంది. నమ్మితే భార్య అమ్మవారి చేతిలో ఇట్లయినట్టు, నమ్మకపోతే తన చేతిలో. రెండింట్లో ఏదీ ఎత్తుకోవడానికి ఆయనకు చేతులు రాలేదు. తర్వాత హన్మమ్మ కూడా మానేసింది.

రోజూ మూడు పూటలా ఆయనే తినిపిస్తాడు. గంజి, మెత్తగా పిసికిన అన్నం, అరటిపండు. చెంచా పెదవికి తగిలితే నోరు తెరుస్తుంది. ఆయన పెట్టినా తెరుస్తుంది, హన్మమ్మ పెట్టినా తెరుస్తుంది, చూడ్డానికి వచ్చిన పరాయివాళ్లు పెట్టినా తెరుస్తుంది. వద్దని మొహం తిప్పుకోదు. శుక్రవారం తెలియదు, ఏకాదశి తెలియదు. మొన్న తొలి ఏకాదశి పొద్దున ఆయన చెంచా పట్టుకుని, ఒక్కసారి తిప్పుకుంటుందేమోనని కాసేపు ఆగి చూశాడు. సరోజ నోరు తెరిచే ఉంది.